తెర మీది ఎరుపు కాగితం మీద నిలవాలంటే: కలరీమీటరుతో ఐసీసీ ప్రొఫైలు తయారు చేసుకునే పద్ధతి

బరంపురంలో పట్టుచీరల కొట్టు ఒకదానికి నేను పదహారు పేజీల కేటలాగు చేసి ఇచ్చాను. చీరలు, జోడలు కలిపి నలభైకి పైగా ఫొటోలు ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది అట్ట మీద వేసిన ముదురు ఎరుపు చీర, దాని అంచు పొడుగునా జరీతో నేసిన కుంభం పళ్ళు. అచ్చై వచ్చిన కట్ట విప్పి కొట్టు యజమాని ముందు పెడితే ఆయన కేటలాగును గుమ్మం దగ్గరకు తీసుకెళ్ళి, లోపలి నుంచి అసలు చీర తెప్పించి పక్కన పరిచి, "ఏటి బాబూ, ఇది మా చీర రంగేనా?" అని అడిగారు. ఎరుపు వక్కపొడి రంగులోకి దిగిపోయింది, కుంభం పళ్ళ మధ్య ఉన్న నేత కనిపించకుండా నల్లబడింది. ప్రెస్సు వాళ్ళు సిరా ఎక్కువ పెట్టారని ఆ రోజు నేను గట్టిగా నమ్మాను. తరువాత మానిటరును కొలిచి చూస్తే తప్పు నా బల్ల మీదే ఉందని తేలింది. నా తెర మీది తెలుపు, నేను కాగితాన్ని పెట్టి చూసే బల్ల మీది తెల్ల కాగితం కన్నా రెండున్నర రెట్లకు పైగా ఎక్కువ వెలుగుతోంది. అంత వెలుగులో ఫొటో నాకు బాగా తేటగా కనిపించింది కాబట్టి దాన్ని తగ్గిస్తూ పోయాను, కాగితం ఆ తగ్గింపునంతా నిజాయితీగా చూపించింది.

మానిటరు ప్రొఫైలు అంటే ఆ తెర ఏ రంగును ఎలా చూపిస్తుందో ప్రోగ్రాములకు చెప్పే ఐసీసీ ఫైలు. అచ్చుకు పనికొచ్చే ప్రొఫైలు తయారు చేయడంలో కష్టమైన భాగం సాఫ్ట్‌వేరు నడపడం కాదు. ఏ తెలుపుకు, ఎంత వెలుగుకు మానిటరును కట్టాలో నిర్ణయించడం. అందుకని ఇక్కడ ఎక్కువగా దాని గురించే రాస్తాను, మిగిలిన మెట్లను అవసరమైనంత వరకే చెబుతాను.

కలరీమీటరు ఏం కొలుస్తుంది, ఏం కొలవదు

కలరీమీటరు తెర నుంచి వచ్చే వెలుగును కొలుస్తుంది. దానిలో మూడు నాలుగు వడపోత గాజులు ఉంటాయి, వాటి వెనుక వెలుగును పసిగట్టే సెన్సర్లు ఉంటాయి. సగటు మనిషి కన్ను రంగును ఎలా గ్రహిస్తుందో 1931లో సీఐఈ అనే అంతర్జాతీయ సంస్థ నిర్ణయించిన లెక్కకు దగ్గరగా ఆ వడపోతలను తయారు చేస్తారు. అయితే దగ్గరగా మాత్రమే, అచ్చంగా కాదు. ఈ తేడా వల్ల ఒకే కలరీమీటరు ఒక రకం ఎల్ఈడీ తెర మీద సరిగ్గా చదివి, మరో రకం తెర మీద కొంచెం ఆకుపచ్చగానో కొంచెం గులాబీగానో చదవగలదు. దాన్ని సరిచేయడానికి మీ తెర వెనుక వెలుగు ఏ రకందో సాఫ్ట్‌వేరుకు చెప్పాలి. నేను వాడే ప్రోగ్రాము ఆర్గిల్ సీఎంఎస్‌లో ఆ సమాచారం `.ccss` ఫైలు రూపంలో ఉంటుంది. కంపెనీ సాఫ్ట్‌వేరులో అయితే వైట్ ఎల్ఈడీ, వైడ్ గామట్ ఎల్ఈడీ వంటి పేర్లతో ఒక జాబితా వస్తుంది. మామూలు ఆఫీసు రకం ఐపీఎస్ మానిటరు అయితే చాలావరకు వైట్ ఎల్ఈడీయే. మానిటరు మోడలు నంబరు చూసి నిర్ధారించుకున్నాకే ఎంచుకోండి, ఊహ మీద ఎంచుకోవద్దు.

కాగితం మీది రంగును కలరీమీటరు కొలవదు. సిరా పడిన కాగితాన్ని కొలవడానికి స్పెక్ట్రోఫోటోమీటరు కావాలి, దాని ధర చాలా ఎక్కువ. కాబట్టి మన చేతిలో ఉన్న పరికరంతో తయారయ్యేది మానిటరు ప్రొఫైలు ఒక్కటే. అచ్చు వైపు ప్రొఫైలును ప్రెస్సు ఇవ్వాలి, లేదంటే ఫోగ్రా39 వంటి ప్రామాణిక ప్రొఫైలును వాడాలి. ఈ రెండూ వేరువేరు అన్న సంగతి మనసులో ఉంచుకుంటే తరువాత వచ్చే చిక్కుల్లో సగం రావు.

ముందు బల్లను కొలవండి, తరువాత తెరను

చాలామంది పరికరం డబ్బా విప్పగానే తెర మీద వేలాడదీస్తారు. అంతకన్నా ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. మీరు అచ్చు కాగితాన్ని ఎక్కడ పెట్టి, ఏ దీపం కింద చూస్తారో ఆ చోటును స్థిరం చేయాలి. గుమ్మం దగ్గర ఒకసారి, ట్యూబులైటు కింద ఒకసారి చూస్తే తెరను దేనితోనూ సరిపోల్చలేము.

అచ్చు రంగును చూడడానికి ఐఎస్ఓ 3664 ప్రమాణం డీ50 వెలుగును, అంటే సుమారు 5000 కెల్విన్ల తెలుపును నిర్దేశిస్తుంది. రెండు అచ్చు కాగితాలను పక్కపక్కన పెట్టి నిశితంగా పోల్చడానికి 2000 లక్సుల వెలుగును, మామూలుగా చూసి అంచనా వేయడానికి 500 లక్సుల వెలుగును చెబుతుంది. ఆ ప్రమాణానికి తగిన చూపు పెట్టెలు ఖరీదైనవి. మా గదిలో నేను 5000 కెల్విన్లని రాసి ఉన్న, రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో తెలిపే సీఆర్ఐ అంకె 90కి పైగా ఉన్న రెండు ఎల్ఈడీ ట్యూబులను బల్ల మీదుగా బిగించాను. గంజాం జిల్లా ఇళ్ళలో గోడలకు ఇష్టంగా వేసే ఆకుపచ్చ, గులాబీ రంగులు కాగితం మీదకు ప్రతిఫలిస్తాయి కాబట్టి బల్ల వెనుక గోడకు మాత్రం బూడిద రంగు వేయించాను. కిటికీకి దట్టమైన తెర కట్టాను, ఎందుకంటే మధ్యాహ్నం ఎండ, సాయంత్రం ఎండ ఒకటి కావు.

ఇప్పుడు ఆ బల్ల మీద ఎంత వెలుగు పడుతోందో కొలవాలి. కలరీమీటరు మీద తెల్లని మూత ఉండే మోడల్ అయితే ఆ మూతను సెన్సరు మీదకు తిప్పి, కాగితం పెట్టే చోట పరికరాన్ని పైకి చూసేలా పెట్టి ఆర్గిల్‌లోని ఈ ఆదేశం ఇవ్వండి.

```
spotread -a
```

అది లక్సులలో అంకె చూపిస్తుంది. మీరు వంగి చూస్తే మీ నీడ పడి అంకె పడిపోతుంది, కాబట్టి ఒక అడుగు వెనక్కి జరిగి మీట నొక్కండి. మూత లేని పరికరమైతే మామూలు లక్సు మీటరుతో కొలుచుకోవచ్చు. నా బల్ల మీద నాలుగు చోట్ల కొలిస్తే సగటున 350 వచ్చింది.

దాని నుంచి తెర వెలుగు లెక్క నేరుగా వస్తుంది. తనపై పడిన వెలుగులో మంచి ఆర్టు పేపరు సుమారు 88 శాతాన్ని తిరిగి పంపిస్తుంది. అలా అన్ని దిక్కులకూ చెదిరే వెలుగును, తెర వెలుగును కొలిచే నిట్లలోకి మార్చడానికి 3.14తో భాగించాలి.

```
350 × 0.88 ÷ 3.14 = 98
```

అంటే నా బల్ల మీద తెల్ల కాగితం 98 నిట్ల వెలుగుతో కనిపిస్తోంది. తెర మీది తెలుపు కూడా అంతే ఉండాలి. మీ బల్ల మీద 500 లక్సులు ఉంటే లెక్క 140 నిట్లకు వస్తుంది. 2000 లక్సుల కింద కాగితం 560 నిట్లతో వెలుగుతుంది. సాధారణ మానిటర్లు ఆ స్థాయిని అందుకోవు, కాబట్టి తెరతో పోల్చడానికి 2000 లక్సుల దీపం పనికిరాదు. అచ్చు పనికి 120 నిట్లు పెట్టాలని ఎక్కడో చదివి కళ్ళు మూసుకుని పెట్టేవారిని చాలామందిని చూశాను. ఆ అంకె మీ బల్లకు సరిపోతే సరిపోతుంది, లేకపోతే లేదు. లెక్క వేయడానికి ఒక్క నిమిషం పడుతుంది.

కొలవక ముందు నా మానిటరు 262 నిట్ల మీద నడిచేది. 98తో భాగిస్తే 2.67 రెట్లు, కెమెరా లెక్కలో దాదాపు ఒకటిన్నర స్టాపు. కొట్టు యజమాని చీర అంత మేరా నల్లబడడానికి ఇదే కారణం.

తెరను సిద్ధం చేయడం

మానిటరును కనీసం అరగంట ముందు వెలిగించి ఉంచండి. మధ్యలో కరెంటు పోయి తెర ఆరిపోతే మళ్ళీ అరగంట ఆగాలి, ఈ మాట మా వైపు వేసవిలో పని చేసేవారికి విడిగా చెప్పాలి. మానిటరు మెనూలో డైనమిక్ కాంట్రాస్టును, గదిలోని వెలుగును బట్టి తెరను మార్చే సదుపాయాన్ని, కంటి రక్షణ మోడును పూర్తిగా ఆపేయండి. విండోస్‌లో `Night light` ఆగి ఉందో లేదో చూసుకోండి. రంగు మోడును `User` లేదా `Custom` మీద పెట్టండి, అక్కడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మీటలు విడివిడిగా తెరుచుకుంటాయి. పాత కొలత ఏదైనా గ్రాఫిక్స్ కార్డులో కూర్చుని ఉంటే దాన్ని ఈ ఆదేశంతో తుడిచేయండి.

```
dispwin -d1 -c
```

తెరను పొడి గుడ్డతో తుడిచి, పరికరం సెన్సరు మీద నూలు పోగులు లేవని చూడండి. మానిటరును కొంచెం వెనక్కి వంచితే పరికరం దాని బరువుతోనే తెరకు అంటుకుని కూర్చుంటుంది. అంచు కింద గోరు దూరేంత సందు ఉన్నా పక్క నుంచి వెలుగు లోపలికి వస్తుంది, నల్లటి రంగుల కొలతలన్నీ పాడవుతాయి. నేను కొలిచేటప్పుడు గదిలో దీపాలు ఆర్పేస్తాను.

ఏ తెలుపు?

అచ్చు పనికి డీ50, వెబ్ పనికి డీ65 అని అందరూ చెబుతారు. ప్రారంభానికి అది మంచి సూచనే, కానీ దాన్ని అక్షరాలా పాటిస్తే నిరాశ తప్పదు. నేను మొదట సరిగ్గా డీ50కే కట్టాను. కొలత అంకెలు చక్కగా కుదిరాయి, ప్రొఫైలు కూడా బాగానే వచ్చింది. అయినా పక్కన 130 జీఎస్ఎం మ్యాట్ ఆర్టు పేపరు ఖాళీ షీటు పెట్టి చూస్తే కాగితం చల్లని తెలుపులో ఉంది, తెర మాత్రం పాత పుస్తకంలా పసుపు పట్టి కనిపించింది.

దీనికి రెండు కారణాలు ఉండవచ్చు. మొదటిది కాగితంలో ఉంది. ఈ రోజుల్లో ఆర్టు పేపరును తెల్లగా కనిపించేలా చేయడానికి అందులో మెరుపు రసాయనాలు కలుపుతారు; అవి కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలి వెలుగుగా తిరిగి ఇస్తాయి. బట్టలకు నీలిమందు పెట్టినట్టే. రంగును అంకెల్లో చెప్పేటప్పుడు `L` వెలుగును చూపుతుంది, `b` సున్నా కిందికి దిగే కొద్దీ నీలం పెరుగుతుంది. ఫోగ్రా39 ప్రమాణంలో కాగితం తెలుపు `L 95, a 0, b -2` కాగా, తరువాత వచ్చిన ఫోగ్రా51లో `b` విలువ -6కు దిగింది, అంటే ప్రమాణాలే ఆ నీలాన్ని ఒప్పుకున్నాయి. రెండో కారణం మన కన్నులోనూ పరికరంలోనూ ఉంది. ఎల్ఈడీ తెర తెలుపు, ట్యూబులైటు తెలుపు వేరువేరు వర్ణపటాలతో తయారవుతాయి. 1931 లెక్క ప్రకారం రెండూ ఒకే అంకెలిచ్చినా నా కన్ను, మీ కన్ను వాటిని కొద్దిగా వేరుగా చూడవచ్చు. వీటికి తోడు సరిచేసే ఫైలు తప్పుగా ఎంచుకుంటే ఆ తేడా మరింత పెరుగుతుంది.

అందుకని తెలుపును అంకెతో మొదలుపెట్టి కంటితో ముగించాలి. పద్ధతి ఇది. తెర మీద బూడిద రంగు నేపథ్యంలో ఎ4 సైజు తెల్ల కిటికీ ఒకటి తెరవండి. మీరు అచ్చు వేయించబోయే కాగితం ఖాళీ షీటును బల్ల మీద, దీపం కింద, తెర పక్కనే నిలబెట్టండి. దీపం వెలుగు కాగితం మీద పడాలి కానీ తెర మీద పడకూడదు. ముందుగా మానిటరు బ్రైట్‌నెస్ మీటతో రెండు తెలుపుల వెలుగును ఒకేలా చేయండి. తరువాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం మీటల్లో ఎక్కువగా ఉన్నదాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ రంగును దగ్గరకు తెండి. మీట పెంచడం కన్నా తగ్గించడం మంచిది, పెంచితే పైభాగంలో రంగులు నరుక్కుపోయే ప్రమాదం ఉంది. తెర వంకే చూస్తూ కూర్చుంటే కన్ను దానికి అలవాటు పడిపోతుంది కాబట్టి, రెండు మూడు మార్పులకు ఒకసారి లేచి, బూడిద గోడను కాసేపు చూసి, వెనక్కి వచ్చి మొదటి చూపులో ఏమనిపిస్తుందో దాన్నే నమ్మండి. కొట్టొచ్చినట్టుండే రంగు చొక్కా వేసుకుని ఈ పని చేయకండి, ఎర్ర చొక్కా నీడ తెర గాజు మీద నిజంగానే కనిపిస్తుంది.

రెండూ ఒకటే కాగితం అనిపించినప్పుడు, తెర మీది ఆ తెలుపు మీద పరికరాన్ని ఉంచి అంకెలు రాసుకోండి.

```
spotread -e -x -yl -X monitor.ccss
```

`monitor.ccss` అన్నది మీ తెర రకాన్ని చెప్పే ఫైలు. `Y` విలువ నిట్లు, `x`, `y` రంగు. నాకు `Y 98, x 0.338, y 0.350` వచ్చాయి. డీ50 అంకెలు `x 0.3457, y 0.3585`. అంటే నా కాగితం నా దీపం కింద సుమారు 5280 కెల్విన్లకు సమానంగా, పిసరంత గులాబీ వైపు మొగ్గి కనిపిస్తోందన్న మాట. ఇది నా బల్లకు, నా కాగితానికి, నా కంటికి చెందిన అంకె. మీరు దీన్ని వాడుకోకుండా మీది మీరు కనుక్కోండి.

ల్యాప్‌టాపులో ఈ మూడు మీటలు ఉండవు. అక్కడ తెలుపును మార్చాలంటే గ్రాఫిక్స్ కార్డు పట్టికలోనే నరకాలి, దాంతో ఆకాశం, సిల్కు మడతల వంటి మెత్తని చోట్ల మెట్లు మెట్లుగా గీతలు కనిపిస్తాయి. ల్యాప్‌టాపు మీద చేసేవారు వెలుగును మాత్రం కుదుర్చుకుని, తెలుపును తెర సహజంగా ఎలా ఉంటే అలా వదిలేయడం మేలు. రంగు ప్రధానమైన పనికి విడిగా మానిటరు పెట్టుకోవాలని నా అభిప్రాయం.

కొలత, ప్రొఫైలు

ఇక మిగిలింది యంత్రం చేసే పని. మూడు మీటలతో తెలుపు ముందే కుదిరింది కాబట్టి మొదటి ఆదేశం దాన్ని సరిచూసి, బూడిద రంగుల వరుసను చక్కదిద్దుతుంది.

```
dispcal -v -d1 -yl -X monitor.ccss -qm -w0.338,0.350 -b98 -g2.2 baram
targen -v -d3 -s30 -g32 -f250 baram
dispread -v -d1 -yl -X monitor.ccss -k baram.cal baram
colprof -v -qm -as -D "baram 98" baram
dispwin -d1 -I baram.icm
```

`dispcal` మొదట ఒక మెనూ చూపిస్తుంది. అందులో తెలుపు వరుసను ఎంచుకుంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అక్షరాల పక్కన కూడిక, తీసివేత గుర్తులు వస్తాయి. గుర్తులు ఎక్కువగా ఉంటే దూరం ఎక్కువ అని అర్థం. మీటలు ముందే సరిచేశారు కనుక అక్కడ పెద్దగా పని ఉండదు. కొనసాగించమని 7 నొక్కి, మౌసు కదపకుండా వదిలేయండి. `targen` 250 రంగు నమూనాలను తయారు చేస్తుంది, `dispread` వాటిని తెర మీద ఒక్కొక్కటిగా చూపి కొలుస్తుంది, `colprof` వాటి నుంచి ఐసీసీ ప్రొఫైలును కడుతుంది. `-as` అంటే సరళమైన మాతృక రకం ప్రొఫైలు. పెద్ద పట్టిక రకం ప్రొఫైలు అంకెల్లో ఎక్కువ ఖచ్చితంగా కనిపించినా, మంచి ఐపీఎస్ తెరకు సరళమైనదే మృదువుగా పనిచేస్తుందని నా అనుభవం. విండోస్‌లో ఫైలు `.icm` పేరుతో, లినక్స్, మ్యాక్‌లలో `.icc` పేరుతో వస్తుంది. చివరి ఆదేశం దాన్ని ఆ తెరకు ప్రొఫైలుగా స్థాపిస్తుంది.

తరువాత దాన్ని పరీక్షించండి.

```
profcheck -v2 -k baram.ti3 baram.icm
```

నాకు సగటు తేడా 0.5 లోపల, గరిష్ఠం 2 లోపల వచ్చాయి. సగటు 1 దాటినా, ఒకటి రెండు నమూనాలు 4, 5 చూపినా ఆ నమూనాలు ఏ రంగువో చూడండి. అన్నీ ముదురు నలుపులే అయితే పరికరం అంచు నుంచి వెలుగు దూరింది. అన్ని రంగుల్లోనూ చెదురుమదురుగా ఉంటే తెర వేడెక్కలేదు, లేదా మెనూలో ఏదో ఆటోమేటిక్ సదుపాయం ఇంకా పనిచేస్తోంది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పరికరం తాను కొలిచిన కొలతలతో తానే కట్టిన ప్రొఫైలును పోల్చి చూపే అంకె ఇది. పరికరమే పచ్చగా చదువుతుంటే ఆ పచ్చదనం ఈ అంకెలో కనిపించదు. దాన్ని పట్టుకునేది పక్కన పెట్టిన ఖాళీ కాగితమే.

ఆఖరిగా నలుపు నుంచి తెలుపు దాకా మెల్లగా మారే బూడిద పట్టీని తెర మీద పరిచి చూడండి. మధ్యలో ఎక్కడా గులాబీ, ఆకుపచ్చ చారలు కనిపించకూడదు.

ఫోటోషాపులో

`Edit > Color Settings` లోకి వెళ్ళి, పని చేసే రంగుల స్థలంగా మీరు తయారు చేసిన మానిటరు ప్రొఫైలును పెట్టకండి. ఇది నేను చూసిన తప్పుల్లో అన్నిటికన్నా తరచుగా జరిగేది, ఎంతో జాగ్రత్తగా కొలిచినవారు కూడా చేస్తారు. అక్కడ `sRGB` లేదా `Adobe RGB` ఉండాలి. మానిటరు ప్రొఫైలును విండోస్ నుంచి ఫోటోషాపు తానే తీసుకుంటుంది.

ఫొటో అచ్చులో ఎలా వస్తుందో తెర మీదే చూసుకోవడానికి `View > Proof Setup > Custom` లో ప్రెస్సు ఇచ్చిన ప్రొఫైలును, అది లేకపోతే `Coated FOGRA39 (ISO 12647-2:2004)` ను ఎంచుకోండి. కింద రెండు గడులు ఉంటాయి. `Simulate Paper Color` కాగితం తెలుపును తెర మీద అనుకరిస్తుంది, `Simulate Black Ink` సిరా నలుపును అనుకరిస్తుంది. చాలామంది రెండూ పెట్టమని చెబుతారు. కానీ మనం తెర తెలుపును ముందే కాగితానికి సరిపోల్చాం. దాని మీద మళ్ళీ `Simulate Paper Color` పెడితే కాగితం రెండుసార్లు లెక్కకు వచ్చి, తెర అనవసరంగా మసకబారి నీలపడుతుంది. కాబట్టి మన పద్ధతిలో అది తీసేసి, `Simulate Black Ink` మాత్రం పెట్టాలి. ఆ రెండో గడి చాలా అవసరం. మంచి తెర మీద తెలుపుకూ నలుపుకూ మధ్య వెయ్యి రెట్ల తేడా ఉంటుంది. ఫోగ్రా39 కాగితం మీద నల్ల సిరా ఒక్కటే పడిన చోట `L` విలువ 16 దగ్గర ఆగుతుంది, అంటే ఆ తేడా నలభై రెట్లే. నాలుగు సిరాలూ పడిన చోట నలుపు ఇంకొంచెం లోతుగా ఉంటుంది, అయినా తెరకు చాలా దూరమే.

ఈ గడి పెట్టిన క్షణంలో కొట్టు యజమాని చీర అంచు నాకు మళ్ళీ కనిపించింది. కుంభం పళ్ళ మధ్య నేత కేటలాగులో ఎలా మాయమైందో అచ్చంగా అలాగే తెర మీద మాయమైంది. అప్పుడు ఆ నీడలను ఒక్కటే కర్వ్స్ పొరతో పైకి లేపి, ఎరుపును తాకకుండా వదిలి, మళ్ళీ ప్రూఫు తీయించాను. బల్ల మీద పెట్టి చూస్తే అట్ట ఎరుపు తెర ఎరుపుతో కలిసింది, నేత పోగులు లెక్కపెట్టేలా కనిపించాయి. నెమలికంఠం నీలం చీర మాత్రం కలవలేదు. `Shift+Ctrl+Y` నొక్కితే ఆ నీలం మీద చాలా భాగం బూడిద మచ్చ పరుచుకుంది: నాలుగు సిరాలతో ఆ నీలాన్ని వేయడం సాధ్యం కాదు, ఏ ప్రొఫైలూ దాన్ని తేలేదు. తెర మీదే ఆ సంగతి ముందుగా తెలిసింది కాబట్టి యజమానికి ప్రూఫు చూపి, చీర పేజీ అచ్చు కాకముందే ఒప్పించగలిగాను.

మా వైపు చిన్న ప్రెస్సుల్లో ప్రొఫైలు అడిగితే సాధారణంగా ఉండదు. ఫోగ్రా39తో ప్రూఫు చూసుకుని పంపినా అచ్చు మొత్తం ఎర్రగానో ముదురుగానో రావచ్చు. అప్పుడు తెరను అచ్చుకు తగ్గట్టు వంచాలనే కోరిక కలుగుతుంది. ఆ పని చేయవద్దు. ఒక ప్రెస్సు కోసం వంచిన తెర మరో ప్రెస్సు పనిని పాడు చేస్తుంది, అసలు తేడా ప్లేటులో ఉందో సిరాలో ఉందో తెలుసుకునే దారి కూడా మూసుకుపోతుంది. ఖాళీ కాగితం తెరతో కలిసినంత కాలం తేడా ప్రెస్సు వైపు ఉన్నట్టే, దాన్ని అక్కడే ఫోర్‌మన్‌తో కూర్చుని మాట్లాడుకోవాలి. అచ్చు కాగితాన్ని యంత్రం పక్కన ఉన్న మామూలు ట్యూబులైటు కింద కాకుండా, వీలైతే మీ బల్ల దీపం వంటి దీపం కిందే చూడమని అడగండి. పట్టుకు అద్దిన రంగు, కాగితం మీది సిరా ఒక దీపం కింద కలిసి ఎండలో విడిపోవడం సహజం. చీరను, కేటలాగును గుమ్మం దగ్గర పక్కపక్కన పెట్టి చూసే యజమానికి ఈ మాట ముందే చెప్పి ఉంచాలి.

కలరీమీటరును మూత బిగుతుగా ఉండే డబ్బాలో, సిలికా జెల్ పొట్లంతో పాటు దాచండి. బరంపురం సముద్రానికి దగ్గర, వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ. పాత రకం పరికరాల్లో వడపోతలు తేమకు, కాలానికి రంగు మారతాయి. మానిటరు కూడా మెల్లగా మారుతుంది. నేను నెలకోసారి `spotread` తో తెలుపు ఒక్కటి కొలిచి, మానిటరు అంచున అంటించిన కాగితం ముక్క మీద తేదీ, నిట్లు, `x`, `y` రాసుకుంటాను. నిట్లు 98 నుంచి 93 కన్నా దిగితే బ్రైట్‌నెస్ మీట ఒక గీత పెంచి, మళ్ళీ `dispcal` నుంచి మొదలుపెడతాను. బల్ల మీది ట్యూబు మార్చిన రోజు మాత్రం లక్సుల నుంచే మొదలుపెట్టాలి.